సి-పోర్టుకు తగిలిస్తే బొమ్మ పడుతుందా?

2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 వచ్చినప్పుడు అందరూ ఛార్జింగ్ సాకెట్ మారిన సంగతే మాట్లాడుకున్నారు. లైట్నింగ్ పోయి యూఎస్‌బీ-సి వచ్చింది. దాని వెంటే ఇంకో సౌకర్యం చడీచప్పుడు లేకుండా వచ్చి చేరింది. ఆ సాకెట్‌ను సరైన కేబుల్‌తో మానిటర్‌కు కలిపితే ఫోన్‌లో కనిపించేది నేరుగా పెద్ద తెర మీద, 4కె స్పష్టతతో పడుతుంది. తమాషా ఏమిటంటే, ఫోన్‌తో పాటు పెట్టెలో ఇచ్చిన కేబుల్‌తో మాత్రం ఆ పని జరగదు. దానికి రెండు కొసలా సి-ప్లగ్గులే ఉంటాయి, అవి మానిటర్‌లోనూ ఫోన్‌లోనూ చక్కగా కూర్చుంటాయి, ఛార్జింగ్ కూడా ఎక్కవచ్చు. తెర మాత్రం వెలగదు.

లాప్‌టాప్‌కు డాక్ కొన్నవాళ్లకు ఈ చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. కొత్త డాక్‌ను తెచ్చి తగిలిస్తారు. కీబోర్డు పనిచేస్తుంది, మౌస్ కదులుతుంది, పెన్‌డ్రైవ్ తెరుచుకుంటుంది. మానిటర్ మాత్రం "సిగ్నల్ లేదు" అంటుంది. డాక్ పాడైందనుకుని తిప్పి పంపిస్తారు. రెండోది తెప్పిస్తే అదీ అంతే. నిజానికి ఆ డాక్ లోపం ఏమీ ఉండకపోవచ్చు. లాప్‌టాప్ సాకెట్‌కు బొమ్మ పంపే శక్తి లేకపోవచ్చు, లేదా మధ్యలోని కేబుల్‌లో ఉండాల్సిన తీగలు లేకపోవచ్చు.

ఈ గందరగోళానికి మూలం 2014లో ఉంది. ఆ ఏడాది ఖరారైన యూఎస్‌బీ-సి ప్రమాణం ముఖ్యంగా సాకెట్ ఆకారాన్నీ, అందులోని 24 పిన్నుల అమరికనూ నిర్ణయించింది. ఆ పిన్నుల వెనక ఏమేం కలపాలన్నది చాలావరకు తయారీదారు ఇష్టం. కరెంటుకూ, పాత యూఎస్‌బీ 2.0 డేటాకూ మాత్రమే తీగలు కలిపి వదిలేసినా అది యూఎస్‌బీ-సి సాకెట్టే. వేగవంతమైన డేటా, వీడియో, వంద వాట్ల ఛార్జింగ్ అన్నీ కలిపినా అదీ యూఎస్‌బీ-సి సాకెట్టే. బయటికి రెండూ కవల పిల్లలు. ఒకే లాప్‌టాప్‌కు పక్కపక్కనే రెండు సి-సాకెట్లు ఉండి, ఒకదానిలో వీడియో వచ్చి రెండో దానిలో రాకపోవడం కూడా మామూలే.

సాకెట్ సంగతి ఎలా తెలుస్తుంది?

ముందుగా చూడాల్సింది సాకెట్ పక్కనున్న గుర్తు. మెరుపు బాణం బొమ్మ ఉంటే అది థండర్‌బోల్ట్. లాప్‌టాప్ మీద ఆ గుర్తున్న సి-సాకెట్‌లో వీడియో వస్తుందని ధైర్యంగా అనుకోవచ్చు. ఇంగ్లిషు డి, పి అక్షరాలు ఒకదానిలో ఒకటి ఇమిడినట్టుండే చిన్న గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్ ఉన్నట్టు. త్రిశూలం లాంటి యూఎస్‌బీ గుర్తు ఒక్కటే ఉంటే ఏమీ తేలదు. బ్యాటరీ బొమ్మ ఛార్జింగ్ గురించే చెబుతుంది. అసలు ఏ గుర్తూ లేని సాకెట్లు కూడా బోలెడు. గుర్తు లేదు కాబట్టి వీడియో రాదని తేల్చడానికి వీల్లేదు.

గుర్తును నమ్ముకోవడం కంటే మోడల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లోని స్పెసిఫికేషన్ పత్రం తెరవడం మేలు. లెనోవో తన ఉత్పత్తుల పత్రాల్లో ఈ విషయాన్ని విడమరిచి రాస్తుంది. ఒక సాకెట్ ఎదురుగా `data transfer only` అని ఉంటే అది డేటాకే పరిమితం. ఇంకోదాని ఎదురుగా `Power Delivery` తో పాటు `DisplayPort 1.2` అనో `DisplayPort 1.4` అనో ఉంటే దానిలో వీడియో వస్తుంది. ఆ చివరి అంకెను కూడా రాసిపెట్టుకోవాలి. దాని అవసరం కాసేపట్లో వస్తుంది. అమ్మకపు పేజీల్లో కనిపించే "టైప్-సి 3.2" అన్న మాట డేటా వేగం గురించే తప్ప వీడియో గురించి కాదు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

సాకెట్ వెనక తీగలున్నా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోవడం అనే మూడో రకం కూడా ఉంది. గూగుల్ పిక్సెల్ 8 ఫోన్లు 2023లో అమ్మకానికి వచ్చాయి, కానీ వాటి సి-సాకెట్ నుంచి వీడియో 2024 జూన్ అప్‌డేట్ తర్వాతే మొదలైంది. లోపలి తీగలు మొదటి రోజు నుంచీ ఉన్నాయి, తాళం మాత్రం కొన్ని నెలలకు తీశారు. అలాగని ప్రతి ఫోన్‌కూ, ప్రతి లాప్‌టాప్‌కూ ఇలా అప్‌డేట్ వస్తుందని ఆశపడితే నిరాశే. తీగలే వేయని సాకెట్‌కు ఏ అప్‌డేటూ వీడియో తెప్పించలేదు.

తీగలు పని మార్చుకునే పద్ధతి

యూఎస్‌బీ తీగల్లో డిస్‌ప్లేపోర్ట్ బొమ్మ ఎలా వెళ్తుంది? డిస్‌ప్లేపోర్ట్ అనేది మానిటర్ల కోసం వెసా అనే సంస్థ రూపొందించిన వేరే ప్రమాణం. దానికి విడిగా ఒక సాకెట్ కూడా ఉంది. ఆ సిగ్నల్‌ను యూఎస్‌బీ-సి తీగల మీదుగా పంపే ఏర్పాటును వెసా 2014 సెప్టెంబరులో ప్రకటించింది. దాని పేరే డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్, వాడుకలో డీపీ ఆల్ట్ మోడ్. ఇక్కడ వీడియోను యూఎస్‌బీ డేటాగా మార్చడమంటూ ఉండదు. ఆ తీగలు కాసేపు యూఎస్‌బీ పని మానేసి, అచ్చమైన డిస్‌ప్లేపోర్ట్ తీగలుగా మారిపోతాయి.

అన్ని హంగులూ ఉన్న సి-కేబుల్‌లో అతివేగంగా సిగ్నల్ మోసే తీగల జతలు నాలుగు ఉంటాయి. మామూలు వేగవంతమైన యూఎస్‌బీకి, అంటే 5 లేదా 10 జీబీపీఎస్ రకానికి, రెండు జతలు చాలు. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. మిగతా రెండు జతలు ఖాళీ. డిస్‌ప్లేపోర్ట్‌కు కూడా లెక్కగా నాలుగు జతలే కావాలి. వాటిని లేన్లు అంటారు. వీడియో ఒకే వైపు ప్రవహిస్తుంది కాబట్టి నాలుగూ లాప్‌టాప్ నుంచి తెర వైపే పనిచేస్తాయి. ఇలా రెండు ప్రమాణాల లెక్కా కుదరడం వల్లే ఈ ఏర్పాటు సాధ్యమైంది. వీటికి తోడు పాత యూఎస్‌బీ 2.0కు విడిగా ఒక జత ఉంటుంది. వీడియో నాలుగు జతలనూ ఆక్రమించుకున్నా కీబోర్డు, మౌస్ ఆ పాత జత మీద నడుస్తూనే ఉంటాయి.

ప్లగ్ పెట్టగానే తీగల పని మారిపోదు. ముందు సంప్రదింపులు జరుగుతాయి. సి-సాకెట్‌లో సీసీ అనే పిన్నులు రెండు ఉంటాయి. ప్లగ్ ఏ వైపుగా దూరిందో లాప్‌టాప్ కనిపెట్టేది వీటితోనే. ఛార్జింగ్ ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అన్న బేరం సాగేదీ వీటి మీదే. ఆ బేరం తర్వాత లాప్‌టాప్ అవతలి పరికరాన్ని "నువ్వెవరు?" అని అడుగుతుంది. తర్వాత "నీకు ఏయే ప్రత్యేక పద్ధతులు వచ్చు?" అని అడుగుతుంది. డాక్ తన జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో వెసాకు కేటాయించిన `FF01` అనే సంఖ్య ఉంటే, డాక్‌కు డిస్‌ప్లేపోర్ట్ వచ్చని అర్థం. అప్పుడు లాప్‌టాప్ ఆ పద్ధతిలోకి మారదామంటుంది. డాక్ సరేనంటుంది. ఎన్ని జతలు వీడియోకు, ఎన్ని డేటాకు అన్న పంపకం కూడా అప్పుడే ఖాయమవుతుంది. ఆ పైనే తీగల పని మారుతుంది. మానిటర్ ఏ కంపెనీది, దాని స్పష్టత ఎంత అన్న సమాచారం అటూఇటూ వెళ్లడానికి ఎస్‌బీయూ అనే మరో రెండు పిన్నులు ఉపయోగపడతాయి. ఇదంతా సాధారణంగా మనిషి గమనించే లోపే అయిపోతుంది.

ఈ సంప్రదింపుల్లో ఎక్కడ తేడా వచ్చినా డాక్ మామూలు యూఎస్‌బీ పరికరంగా మిగిలిపోతుంది. మౌస్ కదిలినా బొమ్మ పడకపోవడం దీని లక్షణమే. ఆ సందర్భంలో ఇవ్వడానికి యూఎస్‌బీ ప్రమాణంలో బిల్‌బోర్డ్ అనే ఏర్పాటు ఉంది. "నాకు వీడియో పద్ధతి వచ్చు కానీ నీతో కుదరలేదు" అని డాక్ కంప్యూటర్‌కు బోర్డు పెట్టి చూపించడమన్నమాట. విండోస్‌లో కొన్నిసార్లు తెర మూలన `Display connection might be limited` అని కనిపించే హెచ్చరిక ఈ కోవదే. అది కనిపిస్తే వెంటనే డాక్‌ను తప్పుపట్టకుండా, ప్లగ్‌ను లాప్‌టాప్‌లోని రెండో సి-సాకెట్‌కు మార్చి చూడాలి. మధ్యలో ఇంకో హబ్ ఉంటే తీసేసి నేరుగా పెట్టి చూడాలి.

4కె మానిటర్, 30 హెర్ట్జ్ చిరాకు

బొమ్మ పడింది సరే, మౌస్ బాణం ఈదుతున్నట్టు కదులుతోంది, పేజీని పైకి తోస్తే అక్షరాలు తడబడుతున్నాయి. ఇది డాక్ వాడేవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే రెండో ఫిర్యాదు. విండోస్ సెట్టింగ్స్‌లో `Advanced display` తెరిస్తే అక్కడ రిఫ్రెష్ రేట్ 30 హెర్ట్జ్ అని ఉంటుంది. అంటే తెర సెకనుకు 30 సార్లే మారుతోంది. అదే మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నేరుగా కలిపితే 60 వస్తుంది. మరి డాక్ ఏం మింగింది?

లెక్క వేసి చూద్దాం. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 సార్లు అన్నిటినీ పంపాలంటే సుమారు 12 గిగాబిట్లు. చుక్కల మధ్య తప్పనిసరిగా వదలాల్సిన విరామం కూడా కలుపుకుంటే పన్నెండున్నర దాకా అవుతుంది. 30 సార్లయితే అందులో సగం, ఆరుకు కాస్త పైన.

ఇక తీగల వైపు. లాప్‌టాప్ పత్రంలో `DisplayPort 1.2` అని ఉందనుకుందాం. ఆ తరంలో ఒక్కో లేన్ సెకనుకు 5.4 గిగాబిట్లు మోస్తుంది. అందులో ఐదో వంతు సిగ్నల్ కట్టుబాట్లకే పోతుంది. వీడియోకు మిగిలేది 4.32. నాలుగు లేన్లూ వీడియోకు ఇస్తే 17.28 వస్తుంది, 4కె 60 హాయిగా పడుతుంది. కానీ డాక్‌లో యూఎస్‌బీ 3 సాకెట్లు కూడా ఉన్నాయి కదా. వాటికి రెండు జతలు కావాలి. వాటిని డేటాకు ఇచ్చేస్తే వీడియోకు మిగిలేవి రెండే లేన్లు, అంటే 8.64. అందులో పన్నెండున్నర పట్టదు. ఆరు పడుతుంది. డాక్ 30 హెర్ట్జ్‌కు దిగిపోవడానికి కారణం ఈ పంపకమే. ఎవరూ మోసం చేయలేదు. డాక్ పెట్టె మీద "4కె సపోర్ట్" అని పెద్దక్షరాల్లో వేసి, 30 హెర్ట్జ్ అన్న సంగతి మాత్రం చిన్నక్షరాల్లో దాచడం వేరే సంగతి.

అదే లాప్‌టాప్ పత్రంలో `DisplayPort 1.4` అని ఉండి, డాక్ కూడా ఆ తరానిదైతే కథ మారుతుంది. ఆ తరంలో ఒక్కో లేన్ 8.1 గిగాబిట్ల దాకా మోస్తుంది, కట్టుబాట్లు పోగా 6.48. రెండు లేన్లకు 12.96. పన్నెండున్నర అందులో ఒరుసుకుంటూ పడుతుంది. అందుకే ఈ తరం జోడీలో అదే డాక్ రకం 4కె 60, యూఎస్‌బీ 3 రెండింటినీ ఒకేసారి ఇవ్వగలుగుతుంది. లాప్‌టాప్ పాతదైతే ఎంత కొత్త డాక్ కొన్నా ఈ లాభం రాదు. ఇద్దరిలో వెనకబడినవాడి వేగమే ఇద్దరికీ వర్తిస్తుంది.

పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు దారులు లేకపోలేదు. కొన్ని డెల్ మానిటర్లకు నేరుగా సి-సాకెట్ ఉంటుంది, వాటి మెనూలో `USB-C Prioritization` అనే అంశం కనిపిస్తుంది. అందులో `High Resolution` ఎంచుకుంటే నాలుగు లేన్లూ వీడియోకు వెళ్తాయి. 4కె 60 వస్తుంది, మానిటర్ వెనకాల ఉన్న యూఎస్‌బీ సాకెట్లు మాత్రం పాత 480 ఎంబీపీఎస్ వేగానికి పడిపోతాయి. `High Data Speed` ఎంచుకుంటే దానికి తలకిందులు. కీబోర్డు, మౌస్ మాత్రమే తగిలించేవాళ్లకు మొదటిదే లాభం. మానిటర్ ద్వారా ఎస్‌ఎస్‌డీలోకి పెళ్లి వీడియోలు కాపీ చేసేవాళ్లు రెండోది చూసుకోవాలి.

ఇంకో దారి ఇంకా తేలిక. స్పష్టతను 2560 బై 1440కు తగ్గించి 60 హెర్ట్జ్ పెట్టుకోవడం. దానికి ఆరు గిగాబిట్లలోపే సరిపోతుంది కాబట్టి రెండు పాత లేన్లలో పడుతుంది. 27 అంగుళాల తెర మీద ఎక్సెల్ పట్టికలు చూసుకునే ఉద్యోగికి తడబడే 4కె కంటే నిలకడగా కదిలే 1440 నయమని చాలామంది ఒప్పుకుంటారు. 1080పీ మానిటర్ ఉన్నవాళ్లకు అసలు ఈ బెడదే లేదు. దానికి మూడు గిగాబిట్లు దాటితే కాస్త దాటుతుందేమో, అంతే.

థండర్‌బోల్ట్, యూఎస్‌బీ4 సాకెట్లలో ఈ పంపకం గొడవ చాలావరకు తగ్గుతుంది. అక్కడ తీగలను వీడియోకిన్ని, డేటాకిన్ని అని విడగొట్టరు. 40 జీబీపీఎస్ ప్రవాహంలో వీడియో ప్యాకెట్లు, డేటా ప్యాకెట్లు కలిసే ప్రయాణిస్తాయి. రెండు 4కె తెరలు కావాలనుకునేవాళ్లు ఖరీదు ఎక్కువైనా థండర్‌బోల్ట్ డాక్ వైపు మొగ్గేది ఇందుకే. అయితే లాప్‌టాప్‌కు కూడా ఆ సాకెట్ ఉండాలి. లేకపోతే పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా.

కేబుల్: వాట్లు కాదు, జీబీపీఎస్ చూడాలి

డాక్‌కు కేబుల్ అతికే వచ్చి ఉంటే, అంటే జానెడు కేబుల్ దాని ఒంట్లోంచే బయటికి వచ్చి ఉంటే, సగం తలనొప్పి తగ్గినట్టే. తయారీదారే సరైన తీగలు వేసి ఉంటాడు. చిక్కంతా రెండు వైపులా ఊడే కేబుల్ ఉన్న డాక్‌లతో. పెట్టెలో వచ్చిన కేబుల్ పొట్టిగా ఉందనో, పోయిందనో ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జింగ్ కేబుల్ తగిలిస్తారు.

ఫోన్లతో వచ్చే సి-కేబుళ్లలో చాలావాటికి ఆ నాలుగు వేగపు జతలు ఉండనే ఉండవు. కరెంటు తీగలు, యూఎస్‌బీ 2.0 జత, సీసీ తీగ, అంతే. ఇవి చవకవే కానక్కర్లేదు, సన్నవే కానక్కర్లేదు. యాపిల్ అమ్మే 240 వాట్ల ఛార్జ్ కేబుల్ చక్కగా దారం అల్లికతో, రెండు మీటర్ల పొడవుతో ఉంటుంది. పెద్ద లాప్‌టాప్‌నైనా ఛార్జ్ చేస్తుంది. డేటా మాత్రం యూఎస్‌బీ 2 వేగమే, వీడియో సున్నా. ఇందులో దాపరికం ఏమీ లేదు, దాని పేరే ఛార్జ్ కేబుల్. బజార్లో దొరికే లావుపాటి వంద వాట్ల కేబుళ్లలోనూ ఎక్కువ భాగం ఇవే. లావు చెప్పేది కరెంటు సంగతి, ఎందుకంటే ఐదు ఆంపియర్లు పారడానికి లావు తీగలు కావాలి. వీడియో చూడాలనుకునేవాడికి అది పైన పటారం, లోన లొటారం.

కాబట్టి కేబుల్ పెట్టె మీద చూడాల్సింది జీబీపీఎస్ అంకె. ఆ అంకె అసలు లేకపోయినా, 480 ఎంబీపీఎస్ అని ఉన్నా అది ఛార్జింగ్ కేబుల్ కిందే లెక్క. రెండు కొసలా సి-ప్లగ్గులుండి 10 జీబీపీఎస్ అని ఉంటే నాలుగు జతలూ ఉన్నట్టు, డీపీ ఆల్ట్ మోడ్ డాక్‌కు అది సరిపోతుంది. 20, 40 జీబీపీఎస్ అని ఉంటే ఇంకా నిశ్చింత. వాటిలో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ప్లగ్ లోపల ఉంటుంది. తాను ఎంత వేగం, ఎన్ని ఆంపియర్లు తట్టుకోగలదో ఆ కేబుల్ దాని ద్వారానే లాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది.

పొడవు కూడా చూసుకోవాలి. 10 జీబీపీఎస్ మామూలు కేబుల్‌కు ఒక మీటరు, 40 జీబీపీఎస్ మామూలు కేబుల్‌కు సుమారు 80 సెంటీమీటర్లు అనువైన హద్దు. అంతకంటే పొడవు కావాలంటే లోపల సిగ్నల్‌ను బలపరిచే చిప్‌లున్న యాక్టివ్ కేబుల్ కొనాలి. ఇక్కడ ఒక పాత గుంట ఉంది. థండర్‌బోల్ట్ 3 కాలం నాటి రెండు మీటర్ల యాక్టివ్ కేబుళ్లు థండర్‌బోల్ట్ డాక్‌తో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మామూలు డీపీ ఆల్ట్ మోడ్ డాక్‌కు పెడితే మాత్రం వాటిలో చాలావాటి నుంచి వీడియో రాదు. వేలు పోసి కొన్న కేబుల్ కదా అని వాటి మీద అనుమానమే రాదు. థండర్‌బోల్ట్ 4 ముద్ర ఉన్న రెండు మీటర్ల కేబుల్‌కు ఈ లోపం లేదు. ఇక సి-కేబుల్‌ను పొడిగించే ఎక్స్‌టెన్షన్లను యూఎస్‌బీ-సి ప్రమాణం అసలు ఒప్పుకోదు. అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉంటారు.

పేరు లేని కేబుల్ ఇంట్లో ఉంటే దాన్ని పరీక్షించడానికి చిన్న ఉపాయం ఉంది. సి-సాకెట్ ఉన్న ఎస్‌ఎస్‌డీని ఆ కేబుల్‌తో కలిపి, రెండు మూడు జీబీల సినిమా ఒకటి కాపీ చేయాలి. వేగం సెకనుకు 40 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే అది యూఎస్‌బీ 2.0 కేబుల్, వీడియో ఆశ వదులుకోవాలి. నాలుగైదు వందలు దాటితే వేగపు జతలు ఉన్నట్టు. అయినా దీనికి ఒక పరిమితి ఉంది. ఎస్‌ఎస్‌డీ నాలుగు జతల్లో రెండింటినే వాడుకుంటుంది. మిగతా రెండింటిలో తీగ తెగి ఉంటే ఈ పరీక్షలో బయటపడదు, మానిటర్ పెట్టినప్పుడే తెలుస్తుంది.

కేబుల్ పూర్తిగా చెడకుండా బలహీనపడినా దాని లక్షణాలు వేరుగా ఉంటాయి. వీడియో మొదలయ్యే ముందు లాప్‌టాప్, మానిటర్ కలిసి తీగల మీద చిన్న పరీక్ష చేసుకుంటాయి. దాన్ని లింక్ ట్రెయినింగ్ అంటారు. పెద్ద వేగంలో తప్పులొస్తే తక్కువ వేగానికి దిగుతాయి. అందువల్ల నిన్నటిదాకా కనిపించిన 4కె 60 ఎంపిక ఇవాళ జాబితాలో కనిపించకపోవచ్చు. అంచుల మీద ఉన్న కేబుల్‌తో తెర మధ్యమధ్యలో ఒకటి రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వెలుగుతుంది. కేబుల్‌ను కదిలించినప్పుడే ఇలా అవుతుంటే దాని ఆయుష్షు తీరినట్టే. ప్లగ్ ఒక వైపుగా పెడితే బొమ్మ వచ్చి, తిప్పి పెడితే రాకపోతే అనుమానం లాప్‌టాప్ సాకెట్ మీదికి వెళ్లాలి. దానిలో దుమ్ము చేరిందేమో, పిన్ను వంగిందేమో చూడాలి.

ఛార్జింగ్ విషయం కాస్త వేరు. ఛార్జర్‌ను డాక్‌కు పెట్టి, డాక్ ద్వారా లాప్‌టాప్‌కు ఎక్కించేటప్పుడు డాక్ తన వాటా పట్టుకుంటుంది. వంద వాట్ల ఛార్జర్ పెడితే లాప్‌టాప్‌కు 85 వాట్లు అందే డాక్‌లు మామూలు. లాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల ఛార్జర్‌నే డాక్‌కు పెడితే లోపలికి వెళ్లేది యాభై వాట్లో, అంతకు అటూఇటూనో. అప్పుడు నెమ్మదిగా ఛార్జ్ అవుతోందన్న హెచ్చరిక వస్తే ఆశ్చర్యం లేదు. ఛార్జర్‌కూ డాక్‌కూ మధ్య కేబుల్ వంద వాట్లు మోయాలంటే ఐదు ఆంపియర్లదై ఉండాలి. మూడు ఆంపియర్లదైతే ఛార్జర్ ఎంత పెద్దదైనా బేరం 60 వాట్ల దగ్గరే ఆగుతుంది.

సాకెట్‌లో వీడియో లేకపోతే

లాప్‌టాప్ సి-సాకెట్ డేటాకే పరిమితమని తేలితే మిగిలే దారి డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్. ఇది ఆల్ట్ మోడ్ జోలికి పోదు. లాప్‌టాప్‌లో ఒక డ్రైవర్ పెట్టుకోవాలి. అది తెర మీది బొమ్మను కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది, డాక్‌లోని చిప్ దాన్ని మళ్లీ వీడియోగా విప్పుతుంది. పాత చదరపు యూఎస్‌బీ-ఏ సాకెట్‌లోనూ ఇది పనిచేస్తుంది. ఉత్తరాలు, పట్టికలు, కోడ్ రాయడం లాంటి పనులకు చక్కగా సరిపోతుంది. ఆటలకు పనికిరాదు. కాపీ రక్షణ ఉన్న సినిమాలు దీనిలో నల్ల తెరగా మిగలవచ్చు. కంపెనీ లాప్‌టాప్‌లలో డ్రైవర్ పెట్టే అనుమతి ఉద్యోగికి ఉండదు కాబట్టి కొనే ముందే ఆఫీసు ఐటీ విభాగాన్ని అడగాలి.

మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు ఇది ఇంకో కారణంతో అవసరపడుతుంది. మామూలు సి-డాక్‌లు రెండు మానిటర్లకు బొమ్మ పంపడానికి ఎమ్‌ఎస్‌టీ అనే పద్ధతి వాడతాయి. ఒకే డిస్‌ప్లేపోర్ట్ ప్రవాహంలో రెండు తెరల బొమ్మలు కలిపి పంపడం అది. విండోస్ దాన్ని అర్థం చేసుకుంటుంది. మ్యాక్ ఓఎస్ అలా రెండు వేర్వేరు తెరలను నడపదు. ఆ డాక్‌కు రెండు మానిటర్లు పెడితే రెండింటిలో ఒకే బొమ్మ పడుతుంది. పైగా ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ బయటి తెరను ఒక్కదాన్నే నడపగలదు. దానికి థండర్‌బోల్ట్ డాక్ పెట్టినా రెండో తెర వెలగదు. డిస్‌ప్లేలింక్ డాక్ పెట్టి, దాని యాప్‌కు మ్యాక్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇస్తే వెలుగుతుంది. ఆ అనుమతి ఎందుకని అడ్డు చెప్పేవాళ్లుంటారు. బొమ్మను కుదించి పంపాలంటే ముందు దాన్ని చదవాలి కదా, ఆ అనుమతి అందుకే.